మరమ్మతా, మెరుగుదలా: మిల్లు ఖర్చులను పన్ను లెక్కలో సరిగ్గా విడదీసే పద్ధతి

మార్చి నెలాఖరున లెక్కలు ముగించేటప్పుడు చిన్న, మధ్యతరహా మిల్లుల యజమానులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: మరమ్మతుల ఖాతాలో రాసిన మొత్తమంతా ఈ ఏడాది లాభంలోంచి తగ్గించుకోవచ్చా, లేక అందులో కొంత ఆస్తిగా చూపించాలా? బిల్లు పెద్దదా చిన్నదా అన్నది గానీ, బిల్లు మీద మేస్త్రీ ఏ మాట రాశాడన్నది గానీ దీనికి జవాబు చెప్పవు. ఏ వస్తువు బాగుపడింది, బాగుపడిన తర్వాత అది అదే వస్తువుగా మిగిలిందా అన్న రెండు విషయాలే జవాబు చెబుతాయి.

ఒక బియ్యం మిల్లును ఉదాహరణగా తీసుకుని ఈ పనిని వరుసగా చూద్దాం. ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2025–26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి అవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చే 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారినా, మూలధన వ్యయానికీ రాబడి వ్యయానికీ మధ్య గీత మాత్రం అలాగే ఉంది.

## 1. ముందుగా తెలియవలసిన నాలుగు నియమాలు

వ్యాపారాన్ని నడపడానికి ఏటా అయ్యే ఖర్చు రాబడి వ్యయం. అది ఆ ఏడాది లాభంలోంచి పూర్తిగా తగ్గుతుంది. కొత్త ఆస్తిని గానీ, ఉన్న ఆస్తికి కొత్త సామర్థ్యాన్ని గానీ సంపాదించిపెట్టే ఖర్చు మూలధన వ్యయం. అది లాభంలోంచి నేరుగా తగ్గదు. ఆస్తి విలువలో కలిసి, తరుగుదల రూపంలో ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతుంది.

సొంత భవనానికి చేయించిన ‘కరెంట్ రిపేర్లు’ సెక్షన్ 30 కింద, యంత్రాలకూ ఫర్నిచరుకూ చేయించినవి సెక్షన్ 31 కింద తగ్గుతాయి. మూలధన స్వభావం ఉన్న ఖర్చు ఈ రెండింటి కిందా తగ్గదని చట్టంలో వివరణగా చేర్చారు. అందువల్ల దానికి మరమ్మతు అని పేరు పెట్టినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

మూలధనంగా తేలిన మొత్తానికి సెక్షన్ 32 కింద తరుగుదల వస్తుంది. సాధారణ యంత్రాలకు 15 శాతం, నివాసేతర భవనాలకు 10 శాతం, ఫర్నిచరుకూ విద్యుత్ అమరికలకూ 10 శాతం, కంప్యూటర్లకు 40 శాతం రేట్లు ఉన్నాయి. కొన్న ఏడాదిలో ఆస్తిని 180 రోజుల కన్నా తక్కువ కాలం వాడితే ఆ ఏటికి సగం రేటే దొరుకుతుంది.

సెక్షన్ 44ఏడీ కింద అంచనా పద్ధతిలో ఆదాయం చూపించేవారికి మరమ్మతులైనా తరుగుదలైనా విడిగా తగ్గవు. అయినా ఆస్తుల విలువను ఏటేటా సరిగ్గా రాసుకోవాలి, ఎందుకంటే తరుగుదల ఇచ్చేసినట్టుగానే చట్టం లెక్క వేస్తుంది.

## 2. పని మొదలుకాకముందు చేయవలసినవి

ఈ విషయంలో వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఆధారాలు లేక వచ్చేవే. పని పూర్తయ్యాక పాత రేకు ఎలా ఉండేదో, ఏ ట్యూబు పగిలిందో చూపించడం ఎవరివల్లా కాదు.

- పాడైన భాగాన్ని పని మొదలుకాకముందే తేదీ కనిపించేలా ఫొటో తీయండి.
- ఏం పాడైంది, ఎందుకు పాడైంది, ఏం చేయాలి అని మెకానిక్ లేదా ఫిట్టర్ చేత ఒక పేజీ రాయించండి.
- ఒకే కాంట్రాక్టరు మరమ్మతూ విస్తరణా రెండూ చేస్తుంటే కొటేషన్, వర్క్ ఆర్డర్, బిల్లు మూడూ పనుల వారీగా విడివిడిగా తీసుకోండి.
- పుస్తకాల్లో ‘మరమ్మతులు – పరిశీలనలో’ అని తాత్కాలిక ఖాతా ఒకటి తెరిచి, పెద్ద బిల్లులను ముందు అందులో రాయండి. నెలకొకసారి వాటిని సరైన ఖాతాకు మార్చండి.

ఈ నాలుగింటిలో మూడవదానికే నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. ‘గోదాము పనులు మొత్తం’ అని ఒకే వరుసలో ఉన్న బిల్లును మార్చి నెలాఖరున విడదీయాలంటే ఊహ మీద ఆధారపడాలి. ఊహతో వేసిన లెక్కను అధికారి ఒప్పుకోవాలన్న నియమం లేదు.

## 3. వస్తువు ఏదో తేల్చడం

ఇదే అసలైన మెట్టు. ఒక భాగాన్ని మార్చితే అది మరమ్మతు. మొత్తం వస్తువునే మార్చితే అది కొత్త ఆస్తి. అయితే ‘మొత్తం’ అంటే దేన్ని? బియ్యం మిల్లంతా ఒకే యంత్రమా, లేక అందులోని బాయిలరు, డ్రయరు, షెల్లరు, పాలిషరు, సార్టెక్స్ దేనికదే ఒక యంత్రమా?

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు 2007లో సరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో జవాబు చెప్పింది. నూలు మిల్లంతా ఒకే యంత్ర సముదాయమనీ, అందులోని రింగ్ ఫ్రేము దానికి ఒక భాగం మాత్రమే కాబట్టి పాతదాని చోట కొత్తది పెట్టడం మరమ్మతేననీ మిల్లు వాదించింది. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ప్రతి యంత్రానికీ తనదైన పని ఉందనీ, పాత యంత్రాన్ని తీసేసి కొత్తది పెడితే అది కొత్త ఆస్తి అవుతుందే తప్ప పాతదాని మరమ్మతు కాదనీ తేల్చింది.

ఆ తీర్పును మన మిల్లుకు అన్వయించి చూడండి. షెల్లరులో వడ్ల పొట్టు తీసే రబ్బరు రోల్స్ అరిగిపోతుంటాయి. కొత్తవి వేయకపోతే బియ్యంలో వడ్లు మిగిలిపోతాయి, నూక శాతం పెరుగుతుంది. రోల్ ఒక్కటే ఏ పనీ చేయదు, షెల్లరులో ఉంటేనే దానికి పని. కనుక రోల్స్ మార్చడం షెల్లరుకు మరమ్మతు. షెల్లరునే తీసేసి మరొకటి బిగిస్తే అది కొత్త యంత్రం.

బాయిలరు ట్యూబుల విషయమూ ఇంతే. లోపల సున్నపు పొర పేరుకుని ట్యూబులు వేడెక్కి పగిలితే, వాటిని మార్చడానికి మూడు నాలుగు లక్షలైనా అవి బాయిలరులో భాగాలే. బాయిలరు అదే బాయిలరుగా, మునుపు ఇచ్చినంత ఆవిరినే ఇస్తూ ఉంటుంది. బిల్లు మొత్తాన్ని చూసి భయపడి ఇలాంటి ఖర్చును ఆస్తిలో కలిపేవారున్నారు. అది అనవసరంగా తమ న్యాయమైన తగ్గింపును వదులుకోవడమే.

దేన్ని వస్తువుగా తీసుకోవాలో తోచనప్పుడు ఇలా అడగండి: ఇది విడిగా కొనుక్కోదగినదేనా, విడిగా ఒక పని పూర్తిచేస్తుందా, ఆస్తుల రిజిస్టరులో దీనికి సొంత వరుస ఉందా? మూడింటికీ అవునని వస్తే దాన్ని స్వతంత్ర యంత్రంగానే చూడండి.

## 4. వస్తువు తేలాక అడగవలసిన మూడు ప్రశ్నలు

ఈ వరుసను మార్చకండి. మొదటి ప్రశ్నకే జవాబు దొరికితే మిగతావాటి దాకా వెళ్లనక్కరలేదు.

మొదటిది: ఖర్చు తర్వాత కొత్త వస్తువు వచ్చిందా? వస్తే అది మూలధన వ్యయం. కొత్త కాటా, కొత్త సార్టెక్స్, కొత్త గది ఈ కోవలోకి వస్తాయి.

రెండవది: ఉన్న వస్తువుకు మునుపు లేని సామర్థ్యం వచ్చిందా? గంటకు రెండు టన్నులు ఆడే వరుస మూడు టన్నులు ఆడేలా మారినా, గోదాములో పట్టే బస్తాల సంఖ్య పెరిగినా అది మెరుగుదల, అంటే మూలధన వ్యయం. అయితే పాత రకం భాగం అరిగిపోయి కొత్త తరహా భాగం వేసినప్పుడు, పని కొంచెం మెరుగైనంత మాత్రాన అది మెరుగుదల కాదు. 1967లో మహాలక్ష్మి టెక్స్‌టైల్ మిల్స్ కేసులో, నూలు యంత్రంలోని కొన్ని భాగాల స్థానంలో ఆధునిక అమరిక పెట్టిన ఖర్చును సుప్రీంకోర్టు కరెంట్ రిపేరుగానే అంగీకరించింది. యంత్రం అదే, అందులోని భాగాలే మారాయి.

మూడవది: ఈ పని అవసరం పడినప్పుడు చేయించినదా, లేక మొత్తాన్ని ఒకేసారి కొత్తగా తీర్చిదిద్దినదా? 1997లో బల్లీమల్ నవల్ కిశోర్ కేసు ఒక సినిమా హాలుకు సంబంధించినది. కొత్త యంత్రాలు, కొత్త ఫర్నిచరు, కొత్త వైరింగు పెట్టి గోడల దాకా విస్తారంగా పని చేయించి, ఆ మొత్తాన్ని మరమ్మతుగా చూపించారు. విడివిడిగా చూస్తే అందులో కొన్ని మరమ్మతుల్లాగానే ఉంటాయి. కానీ మొత్తం మీద హాలును పునర్నిర్మించినట్టే కాబట్టి అది కరెంట్ రిపేరు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్న ఆస్తిని కాపాడుకోవడం, నిలబెట్టుకోవడం వరకే ఆ మాటకు హద్దు.

## 5. లెక్క చేసి చూద్దాం

భాగస్వామ్య సంస్థగా నడుస్తున్న ఒక బియ్యం మిల్లు ఉందనుకోండి. 2025–26లో దాని మరమ్మతుల ఖాతాలో రూ. 26,80,000 ఉంది. అదంతా ఖర్చుగా తీసేశాక, పాత ఆస్తుల మీద తరుగుదల కూడా పోను, లాభం రూ. 12,00,000 తేలింది. ఖాతాను విప్పితే ఏడు వరుసలు కనిపించాయి.

1. రబ్బరు రోల్స్, బేరింగులు, ఎలివేటరు బెల్టులు, బకెట్లు: రూ. 4,20,000
2. కాలిపోయిన మోటారుకు వైండింగు: రూ. 60,000
3. గాలివానకు పగిలిన గోదాము రేకులు, 400లో 60 మార్చడం: రూ. 1,50,000
4. అదే గోదామును వెనక్కి పొడిగించడం: రూ. 7,00,000
5. బాయిలరు ట్యూబులు: రూ. 3,50,000
6. పాత సార్టెక్స్ తీసేసి కొత్తది బిగించడం: రూ. 9,00,000
7. సున్నం, రంగులు: రూ. 1,00,000

ఒకటి, రెండు, ఏడు వరుసల గురించి చర్చ అక్కరలేదు. అవి రాబడి వ్యయాలే. ఐదవది పైన చెప్పిన కారణంగా రాబడి వ్యయం. మూడవదానిలో భవనమే వస్తువు, పగిలిన రేకులు దానిలో భాగాలు. కనుక అదీ మరమ్మతే. ఇవన్నీ కలిపితే రూ. 10,80,000.

నాలుగవదాన్ని మూడవదానితో కలిపి ఒకే కాంట్రాక్టరు చేశాడు, పని కూడా ఒకే నెలలో జరిగింది. అయినా బస్తాలు పట్టే చోటు పెరిగింది కాబట్టి అది మెరుగుదల. ఆరవది స్వతంత్ర యంత్రం. ఈ రెండూ కలిసి రూ. 16,00,000 మూలధన వ్యయం.

ఇప్పుడు తరుగుదల. గోదాము పొడిగింపు 2026 ఫిబ్రవరిలో వాడకంలోకి వచ్చింది. 180 రోజులు నిండలేదు కనుక 10 శాతంలో సగం, అంటే రూ. 35,000.

సార్టెక్స్ 2025 ఆగస్టులో పని మొదలుపెట్టింది, కనుక దానికి పూర్తి 15 శాతం దొరుకుతుంది. కానీ పాత సార్టెక్స్‌ను వేరొక మిల్లుకు రూ. 1,00,000కు అమ్మి, ఆ సొమ్మును ‘ఇతర ఆదాయం’లో రాశారు. ఇది చాలా చోట్ల కనిపించే పొరపాటు. ఒకే రేటు ఉన్న యంత్రాలన్నీ పన్ను లెక్కలో ఒకే బ్లాకు కాబట్టి, అమ్మిన ధర ఆ బ్లాకు విలువలోంచి తగ్గాలి, ఆదాయంగా రాకూడదు.

బ్లాకు ప్రారంభ విలువ రూ. 40,00,000 అనుకుంటే, కొత్తది రూ. 9,00,000 కలిపి, అమ్మినది రూ. 1,00,000 తీసేస్తే రూ. 48,00,000 వస్తుంది. దాని మీద 15 శాతం రూ. 7,20,000. పుస్తకాల్లో పాత విలువ మీద రూ. 6,00,000 తరుగుదల ముందే వేశారు కాబట్టి అదనంగా దొరికేది రూ. 1,20,000.

| వివరం | రూపాయలు |
|---|---|
| పుస్తకాల ప్రకారం లాభం | 12,00,000 |
| కలపవలసిన మూలధన వ్యయం | + 16,00,000 |
| పొరపాటున ఆదాయంలో రాసిన పాత సార్టెక్స్ ధర | − 1,00,000 |
| గోదాము పొడిగింపు మీద తరుగుదల | − 35,000 |
| యంత్రాల బ్లాకు మీద అదనపు తరుగుదల | − 1,20,000 |
| పన్ను విధించదగిన లాభం | 25,45,000 |

లాభం రూ. 13,45,000 పెరిగింది. సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. అంటే సుమారు రూ. 4,20,000 పన్ను తేడా. ఉత్పత్తి సంస్థలకు కొత్త యంత్రాల మీద దొరికే అదనపు తరుగుదలను ఈ లెక్కలో కలపలేదు. దాని షరతులు వేరు, ఆడిటరుతో విడిగా చూసుకోవాలి.

## 6. అద్దె భవనంలో ఉన్నవారికి

అద్దెకున్నవారికి చట్టంలో ఒక మాట తేడా ఉంది. యజమానికి ‘కరెంట్ రిపేర్లు’ అన్న చట్టం, అద్దెదారుకు కేవలం ‘రిపేర్ల ఖర్చు’ అంది. కాబట్టి గత కొన్నేళ్లుగా పేరుకుపోయిన మరమ్మతులను అద్దెదారు ఒకేసారి చేయించినా వాదించుకునే చోటు కొంత ఎక్కువగా ఉంటుంది. కానీ ఒక షరతుంది: మరమ్మతులు తానే భరిస్తానని అద్దెదారు ఒప్పుకుని ఉండాలి. అద్దె ఒప్పంద పత్రంలో ఆ వాక్యం లేకపోతే ముందు దాన్ని చేర్పించుకోండి.

అద్దె భవనానికి గది కట్టించినా, విస్తరించినా, భవనం తనది కాదు కాబట్టి ఖర్చంతా ఒకే ఏడాది తగ్గుతుందనుకోవడం సరికాదు. సెక్షన్ 32లోని మొదటి వివరణ ప్రకారం ఆ కట్టడానికి అద్దెదారునే యజమానిగా భావించి తరుగుదల మాత్రమే ఇస్తారు.

## 7. పాత యంత్రం కొన్నప్పుడు

చాలామంది తడబడేది ఇక్కడే. పాత డ్రయరును రూ. 5,00,000కు కొని, అది నడవని స్థితిలో ఉంటే మరో రూ. 2,00,000 పెట్టి బాగుచేయించారనుకుందాం. ఆ రూ. 2,00,000 పేరుకు మరమ్మతే. అయినా అది యంత్రాన్ని మొదటిసారి వాడకంలోకి తేవడానికి అయిన ఖర్చు కాబట్టి కొన్న ధరలో కలిసి రూ. 7,00,000 అవుతుంది. రవాణా, దింపుడు, పునాది, బిగింపు ఖర్చులూ అంతే. రెండు సీజన్లు ఆడిన తర్వాత అదే డ్రయరుకు వచ్చే మరమ్మతు మాత్రం రాబడి వ్యయం.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

మొత్తాన్ని బట్టి నిర్ణయించడం. లక్ష దాటితే ఆస్తి, లోపలైతే ఖర్చు అని కొందరు గీత పెట్టుకుంటారు. పన్ను చట్టంలో అలాంటి గీత లేదు. పని స్వభావాన్ని బట్టి వరుస వరుసగా మళ్లీ చూడండి.

పెద్ద బిల్లును ముక్కలు చేయడం. కొత్త షెడ్డుకు సిమెంటు, ఇనుము, రేకులు, కూలి వేర్వేరు బిల్లులుగా వచ్చినంత మాత్రాన అవి మరమ్మతులు కావు. పని పేరుతో ఒక చిట్టా పెట్టి ఆ బిల్లులన్నిటినీ ఒకచోట చేర్చండి.

బీమా సొమ్మును మరచిపోవడం. గాలివానకు పోయిన రేకులకు బీమా సంస్థ సొమ్ము ఇస్తే, ఆ మేరకు మరమ్మతు ఖర్చు తగ్గించి చూపించాలి.

ఒకే బిల్లులో రెండు పనులు ఉండిపోవడం. కొలతల ఆధారంగా విడదీయండి: ఎన్ని చదరపు అడుగులు పాతవి, ఎన్ని కొత్తవి, దేనికి ఎంత సామాను. ఆ లెక్క మీద కాంట్రాక్టరు సంతకం తీసుకోండి.

జీఎస్టీని రెండు చోట్లా వాడుకోవడం. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న పన్నును ఆస్తి విలువలో కలిపి దాని మీద తరుగుదల కూడా తీసుకోకూడదు. ఏదో ఒకటే.

రిటర్ను వేశాక పొరపాటు తెలిస్తే, గడువులోపల సవరించిన రిటర్ను వేయడం మేలు. అధికారి ముందుగా పట్టుకుంటే పన్ను, వడ్డీలతో పాటు తక్కువ చూపిన ఆదాయానికి సెక్షన్ 270ఏ కింద పన్నులో 50 శాతం జరిమానా పడవచ్చు. నిజాయితీగా తీసుకున్న అభిప్రాయమనీ, అవసరమైన వివరాలన్నీ బయటపెట్టామనీ చూపగలిగితే దాని నుంచి ఊరట దొరికే దారి చట్టంలోనే ఉంది. అందుకే కింద చెప్పే నోటు అవసరం.

## 9. ఆడిటరుకు ఇచ్చే ముందు సరిచూసుకోండి

- ప్రతి పెద్ద బిల్లుకూ వస్తువు పేరు, పాడైన భాగం, మార్చిన భాగం రాశారా?
- పని తర్వాత సామర్థ్యం మారిందా లేదా అన్నది ఒక వాక్యంలో రాశారా?
- ఆస్తిగా తీసుకున్నవాటికి వాడకం మొదలైన తేదీ ఉందా?
- తీసేసిన పాత యంత్రం ఎక్కడుంది, అమ్మితే ఎంతకు, ఆ సొమ్ము ఏ ఖాతాలో పడింది?
- ఒక వ్యక్తికి ఒక రోజులో రూ. 10,000 మించి నగదుగా ఇచ్చారా? ఇస్తే, సాధారణంగా మరమ్మతైతే ఖర్చుగా తగ్గదు. ఆస్తయితే విలువలో కలవదు, తరుగుదల కూడా రాదు.

టాక్స్ ఆడిట్ వర్తించే సంస్థలైతే, లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాసిన మూలధన వ్యయాన్ని ఆడిటరు ఫారం 3సీడీలోని 21వ క్లాజులో విడిగా చూపించాలి. కాబట్టి ఆయన అడగకముందే సందేహం ఉన్న ప్రతి బిల్లుకూ చిన్న నోటు జత చేయండి. మన మిల్లు బాయిలరుకైతే ఆ నోటు ఇలా ఉంటే చాలు:

“బాయిలరు పాతదే. పగిలిన ట్యూబుల స్థానంలో అదే కొలతల ట్యూబులు వేశాం. ఆవిరి సామర్థ్యం మారలేదు. పాత ట్యూబుల ఫొటోలు, ఫిట్టరు నివేదిక, బిల్లు జతచేశాం. తీసేసిన ట్యూబులను తుక్కుగా అమ్మిన రసీదు కూడా ఉంది. అందువల్ల రూ. 3,50,000ను సెక్షన్ 31 కింద కరెంట్ రిపేరుగా చూపించాం.”